గ్యాప్ ఫిల్ ప్రాజెక్టు డైరీ: పొద్దున్నే పేరు పెట్టగలమా?

షేరు ధర ముందురోజు ముగింపు ధరని, అంటే క్లోజ్‌ని వదిలి దూరంగా ఓపెన్ అయితే మధ్యలో మిగిలే ఖాళీ గ్యాప్, ధర వెనక్కి వచ్చి ఆ ఖాళీని పూడిస్తే అది ఫిల్. గ్యాప్‌లు నాలుగు రకాలని చార్టులు చదివే ప్రతివాళ్లకీ తెలుసు. ధర కొన్నాళ్లుగా ఊగుతున్న రేంజ్ లోపల అలా వచ్చి ఇలా పూడిపోయేది కామన్ గ్యాప్. రేంజ్ బద్దలుకొట్టి బయటపడేది బ్రేక్‌అవే. సాగుతున్న ట్రెండ్ మధ్యలో పడేది రన్‌అవే. ట్రెండ్ ఆఖరి ఊపులో వచ్చేది ఎగ్జాషన్. కామన్, ఎగ్జాషన్ త్వరగా ఫిల్ అవుతాయని, మిగతా రెండూ అంత తేలిగ్గా ఫిల్ కావని చెప్తారు. కాబట్టి కామన్, ఎగ్జాషన్ గ్యాప్‌లకి ఎదురు ట్రేడ్ వేసి పాత క్లోజ్ దగ్గర బయటపడాలి. వినడానికి ఇంతే. దీన్ని నియమాలుగా రాసి డేటా మీద నడిపితే ఎక్కడెక్కడ విరిగిందో ఇక్కడ రాస్తున్నాను. ఇదే పని చేయబోయేవాళ్లు ఆ చోట్లు దాటి మొదలుపెట్టొచ్చు.

సరంజామా: రోజువారీ ఓపెన్, హై, లో, క్లోజ్, వాల్యూమ్ ఉన్న డేటా, పైథాన్‌లో పాండాస్, చేత్తో సరిచూసుకోవడానికి ఒక స్ప్రెడ్‌షీట్. అయిదు నిమిషాల క్యాండిల్స్ అవసరం ఏడో దశలో వచ్చింది.

పరీక్షకు ఎంచుకున్నది 2020 జూలై చివరి నుంచి సెప్టెంబరు మొదటి వారం దాకా యాపిల్ షేరు. ఆ అయిదు వారాల్లో రేంజ్ బద్దలవడం, ట్రెండ్ సాగడం, శిఖరం, పతనం అన్నీ జరిగాయి. పైగా మధ్యలో ఒక్కో షేరుని నాలుగు చేసిన స్ప్లిట్ కూడా ఉంది. కోడ్‌ని విరగ్గొట్టడానికి ఇంతకంటే మంచి ముక్క దొరకదు. ధరలన్నీ డాలర్లలో, స్ప్లిట్‌కి సర్దినవి.

దశ 1: డేటా

మొదట విరిగింది స్ప్లిట్ దగ్గర. 2020 ఆగస్టు 28 శుక్రవారం యాపిల్ 499.23 దగ్గర క్లోజ్ అయింది. సోమవారం 31న 127.58 దగ్గర ఓపెన్ అయింది. సర్దని డేటాలో ఇది భారీ గ్యాప్ డౌన్. నిజానికి ఒక షేరు నాలుగైంది. శుక్రవారం క్లోజ్‌ని నాలుగుతో భాగిస్తే 124.81, అంటే సోమవారంది గ్యాప్ అప్. సర్దకపోతే గ్యాప్ దిశే తలకిందులైపోతుంది.

వాల్యూమ్‌లోనూ ఇదే తంటా. ధర సర్ది వాల్యూమ్ వదిలేస్తే, స్ప్లిట్ రోజు నుంచి షేర్ల సంఖ్య నాలుగింతలు కనిపిస్తుంది. భారీ వాల్యూమ్‌ని బ్రేక్‌అవే గుర్తుగా వాడే కోడ్ ఆ రోజు ఎగిరి గంతేస్తుంది.

రెండోది ఇంకా కనపడకుండా తినేస్తుంది. చాలా చోట్ల డేటాలో `Close`, `Adj Close` అని రెండు వరుసలుంటాయి. రెండోదాన్ని డివిడెండ్లకు కూడా సర్దుతారు, ఓపెన్‌ని మాత్రం అలా సర్దరు. ఓపెన్‌ని `Adj Close`తో పోలిస్తే పాత రోజులన్నీ గ్యాప్ అప్ అయిపోతాయి. గుర్తుపట్టడం తేలికే: ఎంత వెనక్కి వెళ్తే గ్యాప్ శాతం అంత పెరుగుతూ, నెలల తరబడి ఒకే దిశలో కనిపిస్తుంది. ఓపెన్, క్లోజ్ రెండూ ఒకే సర్దుబాటు నుంచి రావాలి.

డివిడెండ్ రోజుల్ని నేను వేరే గుర్తు పెట్టి పక్కన పెట్టాను. ఆ రోజు నుంచి కొన్నవాళ్లకి ఆ డివిడెండ్ రాని ఎక్స్ డివిడెండ్ రోజున ధర దాదాపు డివిడెండ్ మేర తగ్గి మొదలవ్వడం మామూలు. అది పూడాల్సిన గ్యాప్ కాదు. 2020 ఆగస్టు 7న యాపిల్‌కి అలాంటి రోజే, స్ప్లిట్‌కి ముందు లెక్కలో షేరుకి 0.82. చిన్న మొత్తమే గానీ, చిన్న గ్యాప్‌లు ఆడేవాళ్ల లెక్కలో ఇలాంటివే చెత్తగా పేరుకుంటాయి.

దశ 2: గ్యాప్ అంటే దేనికీ దేనికీ మధ్య?

ఇక్కడ రెండు కొలతలున్నాయి. ఇవాళ్టి ఓపెన్‌కీ నిన్నటి క్లోజ్‌కీ మధ్య తేడా ఒకటి, దీన్ని ఓపెన్ గ్యాప్ అంటున్నాను. నిన్నటి హైకీ ఇవాళ్టి లోకీ మధ్య చార్టులో ఖాళీగా మిగిలేది రెండోది, దీన్ని చార్టు గ్యాప్ అంటున్నాను.

ఆగస్టు 31నే తీసుకుందాం. ముందురోజు హై 126.44, క్లోజ్ 124.81. ఆ రోజు ఓపెన్ 127.58, లో 126.00, క్లోజ్ 129.04.

1. ఓపెన్ గ్యాప్ = 127.58 − 124.81 = 2.77. ఉంది.
2. చార్టు గ్యాప్: లో 126.00 ముందురోజు హై 126.44 కంటే కిందే ఉంది. లేదు.
3. ఫిల్, ముందురోజు హై వరకు: అయింది.
4. ఫిల్, ముందురోజు క్లోజ్ వరకు: కాలేదు. 2.77లో 1.58 మేర మాత్రమే వెనక్కి వచ్చింది, అంటే 57 శాతం.

ఒకే రోజుకి నాలుగు జవాబులు. "ఇన్ని శాతం గ్యాప్‌లు ఫిల్ అవుతాయి" అని ఎవరైనా చెప్తే, ఏ గ్యాప్, ఎక్కడి వరకు ఫిల్ అని ముందు అడగాలి. అది తెలియని అంకె దేనికీ పనికిరాదు.

చార్టు గ్యాప్‌తో ఇంకో చిక్కు ఉంది: అది మిగిలిందో లేదో రోజు ముగిస్తేగానీ తెలియదు. పొద్దున ట్రేడ్ వేసేవాడికి అది అందని సమాచారం. అందుకే ఓపెన్ గ్యాప్‌నే కొలతగా పెట్టుకున్నాను. ఫిల్ అంటే ముందురోజు క్లోజ్‌ని తాకడం. చార్టు గ్యాప్‌ని సాయంత్రం నింపే గడిలోకి మార్చాను.

దశ 3: నాలుగు పేర్లు, రెండు వరుసలు

చార్టు మీద చూసి పేర్లు పెడితే ఫలితాలు అద్భుతంగా వచ్చాయి. ఎగ్జాషన్ అని రాసినవన్నీ ఫిల్ అయ్యాయి, బ్రేక్‌అవే అని రాసినవి కాలేదు. కారణం సిగ్గులేనంత సులువు: తర్వాత ఏం జరిగిందో చూసే ఆ పేరు పెడుతున్నాం. ఫిల్ అయి ట్రెండ్ తిరిగితే దాన్నే ఎగ్జాషన్ అంటాం, మరి ఎగ్జాషన్‌లు ఫిల్ కాక ఏమవుతాయి?

దీనికి మందుగా షీట్‌లో రెండు వరుసలు పెట్టాను. మొదటిది పొద్దుటి పేరు: ఓపెన్ క్షణానికి తెలిసిన అంకెలతో కోడ్ పెట్టేది. రెండోది ఆఖరి పేరు: వారాల తర్వాత చార్టు చూసి చేత్తో రాసేది. ట్రేడ్ లెక్కలు మొదటి వరుస మీదే నడవాలి. రెండోది మొదటిది ఎంత తప్పుతుందో చూడ్డానికి మాత్రమే.

పొద్దుటి పేరుకి కావాల్సిన సరుకు ఇదీ:

```python
pc   = df["Close"].shift(1)
hi20 = df["High"].rolling(20).max().shift(1)
lo20 = df["Low"].rolling(20).min().shift(1)
gap  = df["Open"] - pc
outside = (df["Open"] > hi20) | (df["Open"] < lo20)
```

`hi20`, `lo20` చివర ఉన్న `shift(1)`ని వదిలేస్తే ఇవాళ్టి హై కూడా 20 రోజుల హైలో కలిసిపోతుంది. ఏ రోజైనా ఓపెన్ ఆ రోజు హైని దాటలేదు కదా, కాబట్టి `outside` ఒక్కసారి కూడా నిజం కాదు. బ్రేక్‌అవే వరుస మొత్తం ఖాళీగా వస్తే వెతకాల్సింది ఇక్కడే. రోజు మొత్తం వాల్యూమ్‌ని పొద్దుటి పేరులో వాడటం కూడా ఇదే జాతి తప్పు, కానీ దానికి ఇలా బయటపడే గుర్తు లేదు. ఫలితాలు బాగుపడతాయి అంతే, అందుకే అది ఎక్కువ ప్రమాదం.

పేరు పెట్టగలిగినవాటిలో బాగా కుదిరింది జూలై 31. ముందురోజు సాయంత్రం కంపెనీ త్రైమాసిక ఫలితాలు, స్ప్లిట్ ప్రకటన కలిపి వచ్చాయి. క్లోజ్ 96.19, అప్పటికి 20 రోజుల హై 99.96. మర్నాడు 102.89 దగ్గర ఓపెన్. రేంజ్ బయట, చేతిలో వార్త, 6.70 గ్యాప్. పొద్దునే బ్రేక్‌అవే అని రాయొచ్చు, తర్వాత చూసినా అదే పేరు. సెప్టెంబరు పతనంలో కూడా ధర 103.10 దగ్గరే ఆగింది, 96.19కి తిరిగి రాలేదు.

కుదరనిది ఎగ్జాషన్. దీని మీద ఎక్కువసేపు కూర్చున్నాను, ఎందుకంటే ఫిల్ ట్రేడర్లు ఎక్కువ ఆశపడేది దీని మీదే. ఈ రెండు రోజులూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఆగస్టు 24: ముందురోజు క్లోజ్ 124.37. ఓపెన్ 128.70, హై 128.79, లో 123.94, క్లోజ్ 125.86.

సెప్టెంబరు 2: ముందురోజు క్లోజ్ 134.18. ఓపెన్ 137.59, హై 137.98, లో 127.00, క్లోజ్ 131.40.

రెండూ బాగా పెరిగిన తర్వాత వచ్చిన గ్యాప్‌లే. రెండూ 20 రోజుల హై బయట ఓపెన్ అయ్యాయి. రెండింట్లోనూ ఓపెన్ తర్వాత ధర పైకి పోయింది చాలా తక్కువ, అదే రోజు గ్యాప్ పూర్తిగా పూడింది. మధ్యాహ్నానికి రెండింటికీ ఎగ్జాషన్ అనే రాసేవాణ్ని. కానీ ఆగస్టు 24 తర్వాత ధర ఇంకో 9 డాలర్లు పైకి వెళ్లింది. శిఖరం సెప్టెంబరు 2దే.

తేడా కనిపించిన ఒక్క చోటు క్లోజ్. ఆగస్టు 24న గ్యాప్ పూడినా ధర మళ్లీ లేచి, ముందురోజు క్లోజ్‌కి పైనే ముగిసింది. సెప్టెంబరు 2న ముందురోజు క్లోజ్‌కి 2.78 కింద ముగిసింది, మర్నాడు 126.91 దగ్గర, ఆ లో కంటే కింద ఓపెన్ అయింది. రెండు ఉదాహరణల నుంచి సూత్రం తీయను. కానీ ఒక నిర్ణయం తీసుకోవడానికి ఇది చాలు: పొద్దుటి వరుసలో ఎగ్జాషన్ అనే పేరే తీసేశాను. ట్రెండ్‌లో రేంజ్ బయట పడే ప్రతి గ్యాప్‌కీ "ట్రెండ్ గ్యాప్" అని ఒకే పేరు. రన్‌అవేనా ఎగ్జాషనా అన్నది ఆఖరి వరుస తేల్చుకుంటుంది.

ఇప్పటికి పొద్దుటి పేర్లు: మూడు (లోపలిది, రేంజ్ నుంచి బయటపడ్డది, ట్రెండ్‌లోది). ఆఖరి పేర్లు: నాలుగు.

దశ 4: ఎన్నాళ్లలో ఫిల్?

ఆ ముక్కలోంచి ఆరు గ్యాప్‌లు తీశాను: జూలై 31, ఆగస్టు 24, ఆగస్టు 31, సెప్టెంబరు 1, 2, 3. చివరిదొక్కటే గ్యాప్ డౌన్.

1. అదే రోజు ఫిల్ అయినవి: 2 (ఆగస్టు 24, సెప్టెంబరు 2).
2. గ్యాప్ రోజుతో కలిపి అయిదు ట్రేడింగ్ రోజుల్లో: 4. సెప్టెంబరు 1ది మర్నాడే పూడింది, ఆగస్టు 31ది సెప్టెంబరు 3న.
3. ఆ ఏడాది ముగిసేలోపు: 5. సెప్టెంబరు 3న కింద వదిలిన గ్యాప్ డిసెంబరు చివర్లో పూడింది.

అవే ఆరు గ్యాప్‌లు. గడువు మారుస్తూ పోతే 33 శాతం కాస్తా 83 అయింది. "గ్యాప్‌లన్నీ ఎప్పటికైనా ఫిల్ అవుతాయి" అన్న మాటకి బలం ఇక్కడినుంచే వస్తుంది. అందులో ఎప్పటికైనా అన్న ముక్కకి ఖర్చు ఎవరు కడతారో చెప్పరు.

దానికి నాకు గుర్తుండిపోయిన కేసు మెటాది. 2022 ఫిబ్రవరి 2న 323.00 దగ్గర క్లోజ్ అయి, ఫలితాల తర్వాత మర్నాడు 244.65 దగ్గర ఓపెన్ అయింది. గ్యాప్ 2023 జూలైలో ఫిల్ అయింది, నిజమే. ఈలోపు 2022 నవంబరులో ధర 90 దిగువకి జారింది. ఫిల్ కోసం ఓపెన్‌లో కొన్నవాడు పెట్టుబడిలో 60 శాతానికి పైగా ఆవిరవడం చూస్తూ కూర్చోవాలి. (డేటా దించుకునేవాళ్లకి ఒక మాట: ఆ గ్యాప్ నాటికి ఆ షేరు గుర్తు `FB`. `META` అయింది 2022 జూన్‌లో. గుర్తు మారినప్పుడు పాత చరిత్ర తెగిపోయిన ఫైళ్లలో ఈ గ్యాప్ అసలు కనపడదు.)

మార్పు: ఫిల్ గడువు అదే రోజు. రాత్రికి పొజిషన్ ఉంచకూడదు. కారణం సూటిది. గ్యాప్ ఆడేవాడు నష్టం ఒక గీత దాటితే బయటపడేసే స్టాప్‌లాస్ పెట్టుకుని పడుకుంటే, మర్నాడు ఇంకో గ్యాప్ ఆ స్టాప్ మీంచి దూకేస్తుంది. మామూలు స్టాప్ ఆర్డర్ ట్రిగ్గర్ అయ్యాక మార్కెట్ ధరకి తెగుతుంది, మనం రాసిన ధరకి కాదు.

దశ 5: ఫిల్ శాతం కాదు, ఖాతా

మొదటి నియమం అందరూ చెప్పేదే. ఓపెన్ దగ్గర ఎదురు ట్రేడ్, అంటే గ్యాప్ అప్ అయితే ముందు అమ్మి తర్వాత కొనే షార్ట్, గ్యాప్ డౌన్ అయితే కొనే లాంగ్, టార్గెట్ ముందురోజు క్లోజ్, స్టాప్ గ్యాప్ అంత దూరంలో, రెండూ తగలకపోతే క్లోజ్‌లో బయటికి. ఒక్కో షేరుకి, ఖర్చులు లేకుండా:

1. జూలై 31, షార్ట్ 102.89. స్టాప్ తగల్లేదు, 106.26 క్లోజ్‌లో బయటికి. −3.37. మొత్తం −3.37.
2. ఆగస్టు 24, షార్ట్ 128.70. ఫిల్. +4.33. మొత్తం +0.96.
3. ఆగస్టు 31, షార్ట్ 127.58. స్టాప్ 130.35, హై 131.00. −2.77. మొత్తం −1.81.
4. సెప్టెంబరు 1, షార్ట్ 132.76. క్లోజ్ 134.18. −1.42. మొత్తం −3.23.
5. సెప్టెంబరు 2, షార్ట్ 137.59. ఫిల్. +3.41. మొత్తం +0.18.
6. సెప్టెంబరు 3, లాంగ్ 126.91. స్టాప్ 122.42, లో 120.50. −4.49. మొత్తం −4.31.

ఇందులో మూడో వరుస మీద కాసేపు ఆగాలి. అయిదు రోజుల లెక్కలో ఈ గ్యాప్ "ఫిల్ అయింది" ఖాతాలో ఉంది. కానీ 127.58 దగ్గర షార్ట్ చేసినవాడికి ధర ముందు 137.98 దాకా, అంటే 10.40 ఎదురు నడిచి, ఆ తర్వాతే 124.81కి దిగింది. 2.77 సంపాదించడానికి 10.40 ఓర్చుకోవాలి. గణాంకంలో గెలుపు, ఖాతాలో మార్జిన్ కాల్. అందుకే షీట్‌లో ఫిల్ పక్కనే ఇంకో గడి పెట్టాను: ఫిల్‌కి ముందు ధర ఎంత ఎదురు పోయింది. ఈ గడి లేని ఫిల్ పట్టిక నమ్మొద్దు.

స్టాప్‌ని గ్యాప్‌లో సగానికి తగ్గించి మళ్లీ నడిపాను. వరుసగా −3.35, +4.33, −1.39, −1.86, +3.41, −2.25. మొత్తం −1.11. నష్టం తగ్గింది. ఇంకా తగ్గిద్దామని 0.30 దూరంలో పెట్టి చూస్తే రోజువారీ డేటా చేతులెత్తేసింది. సెప్టెంబరు 2న స్టాప్ 137.89 అవుతుంది. ఆ రోజు హై 137.98, లో 127.00. రెండూ తగిలాయి. ఏది ముందు? రోజు క్యాండిల్‌లో ఆ సమాచారం లేదు. కోడ్‌లో టార్గెట్‌ని ముందు చూస్తే +3.41, స్టాప్‌ని ముందు చూస్తే −0.30. బ్యాక్‌టెస్ట్‌లో దగ్గరి స్టాప్‌లు మెరిసిపోతే, ఆ కోడ్‌లో ఏ `if` ముందుందో చూడండి.

ఖర్చుల సంగతి కామన్ గ్యాప్‌ల దగ్గర కొరుకుతుంది. లెక్క కోసం 100 దగ్గర క్లోజ్ అయిన షేరు అనుకుందాం, రెండు వైపులా కమిషన్, అనుకున్న ధరకీ దొరికిన ధరకీ మధ్య పోయే స్లిప్పేజ్ కలిపి 0.20.

102.00 దగ్గర ఓపెన్, స్టాప్ 103.00. గెలిస్తే 1.80, ఓడితే 1.20. నష్టం లేకుండా నిలబడాలంటే 1.20 ÷ 3.00, అంటే 40 శాతం ఫిల్ అయితే చాలు.

100.40 దగ్గర ఓపెన్, స్టాప్ 100.60. గెలిస్తే 0.20, ఓడితే 0.40. ఇప్పుడు 0.40 ÷ 0.60, అంటే 67 శాతం కావాలి.

చిన్న గ్యాప్‌లే ఎక్కువగా ఫిల్ అవుతాయి, అది అర్థమయ్యే విషయమే: రోజూ ధర అటూఇటూ ఊగే దూరంలోనే వాటి టార్గెట్ ఉంటుంది. కానీ ఆ ఎక్కువ శాతం చాలావరకు ఖర్చులకే పోతుంది. మార్పు: గ్యాప్ కనీసం ఖర్చుకి అయిదింతలు లేకపోతే ట్రేడ్ లేదు. అయిదే ఎందుకంటే, ఆ కొలతకి స్టాప్‌ని గ్యాప్‌లో సగం దూరంలో పెడితే గెలుపు నాలుగింతలు, ఓటమి మూడున్నర ఇంతలు అవుతాయి, అంటే 47 శాతం దగ్గర తూగుతుంది. సగం కంటే తక్కువ గెలుపులతో బతికే చోట ఉండాలన్నది నా ఇష్టం. ఇంకొకరు పది పెట్టుకోవచ్చు.

దశ 6: రేంజ్ లోపల ఉన్నా రేంజ్ కాదు

ఇక ఫిల్టర్. ఓపెన్ 20 రోజుల హై, లో మధ్య ఉంటే కామన్ అనుకుని ట్రేడ్ చేయి, బయట ఉంటే వదిలేయి. ఆరింటిలో నాలుగు పోయాయి. మిగిలినవి ఆగస్టు 31, సెప్టెంబరు 3. రెండూ నష్టాలే!

కారణం ఆగస్టు 31 అంకెల్లో దొరికింది. 20 రోజుల హై ఆగస్టు 24 నాటి 128.79, లో నెల మొదట్లోని 107.89. ఓపెన్ 127.58 వాటి మధ్యలోనే ఉంది, కోడ్ తప్పేమీ చేయలేదు. కానీ ఆ 20.90 వెడల్పు ఊగిసలాట కాదు, నెలంతా ఎక్కిన మెట్లు. ఆగస్టు 3 క్లోజ్ 108.94, 28 క్లోజ్ 124.81, తేడా 15.87. అంటే వెడల్పులో 76 శాతం ఒకే దిశలో నడిచిన దూరమే. కామన్ గ్యాప్‌కి కావాల్సింది ఎటూ పోని మార్కెట్.

```python
drift = (pc - pc.shift(19)).abs() / (hi20 - lo20)
flat  = drift < 1/3
```

సెప్టెంబరు 3కి ఇదే లెక్క వేస్తే 60 శాతం దాటింది. రెండూ పోయాయి. ఆరింటిలో ఒక్క ట్రేడూ మిగల్లేదు, ఆగస్టు 24, సెప్టెంబరు 2 లాభాలు కూడా వాటితోపాటే పోయాయి. మొత్తం: 0.00.

ఆ రెండు లాభాల కోసం ఫిల్టర్ సడలించాలన్న దురద పుడుతుంది. సడలించలేదు. పొద్దున్నే వాటిని మిగతా వాటి నుంచి విడదీసే గుర్తు దొరకనంత వరకు అవి నావి కావు. మూడో వంతు అన్న గీత కూడా ఈ అయిదు వారాల్లో లాభం వచ్చేలా సర్దింది కాదు, ఈ ముక్కలో అసలు ట్రేడే లేదు కాబట్టి సర్దడానికీ వీల్లేదు. దాన్ని వేరే షేర్ల మీద, మార్చకుండా నడపాలి.

దశ 7: ఓపెన్ ధర దొరకదు

పై లెక్కలన్నీ 127.58 దగ్గర ఓపెన్ అయితే 127.58కే షార్ట్ దొరికినట్టు నడిచాయి. ఓపెన్ ధర వేలంలో తేలేది. అది ఎంతో తెలిసే సమయానికి ఆ వేలం అయిపోయి ఉంటుంది. తెలియకముందే అందులో ఆర్డర్ పెట్టాలంటే గ్యాప్ కొలత అంచనాగానే ఉంటుంది. తెలిశాక మార్కెట్ ఆర్డర్ కొడితే, రోజులో స్ప్రెడ్ బాగా వెడల్పుగా ఉండే నిమిషాల్లో కొడుతున్నాం.

అందుకని ఎంట్రీ మార్చాను. మొదటి 30 నిమిషాలు చేతులు కట్టుకోవాలి. గ్యాప్ అప్ అయితే ఆ 30 నిమిషాల లో తెగినప్పుడు షార్ట్, స్టాప్ ఆ 30 నిమిషాల హై పైన. గ్యాప్ డౌన్‌కి తలకిందులుగా. అయిదు నిమిషాల క్యాండిల్స్ కావాల్సింది ఇక్కడే, ఐదో దశలో ఏది ముందో తేలని చిక్కు కూడా వీటితో చాలావరకు విడిపోతుంది. వాల్యూమ్‌కీ న్యాయం జరిగింది: మొదటి 30 నిమిషాల వాల్యూమ్‌ని గత 20 రోజుల అదే 30 నిమిషాల సగటుతో పోలుస్తున్నాను, రోజు మొత్తంతో కాదు. పొద్దుటి వాల్యూమ్ ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది, రోజు సగటుతో పోలిస్తే ప్రతి గ్యాపూ బ్రేక్‌అవేలా కనపడుతుంది.

దీనికి మూల్యం ఉంది. ఎంట్రీ టార్గెట్‌కి దగ్గరవుతుంది, గెలిచినప్పుడు వచ్చేది తగ్గుతుంది. 100 క్లోజ్, 102 ఓపెన్ ఉదాహరణలో 30 నిమిషాల లో 101.40, హై 102.20 అనుకుంటే, గెలుపు 1.40, ఓటమి 0.80. ఖర్చు 0.20 తీస్తే 1.20కి 1.00, తూగడానికి 45 శాతం కావాలి. మొదటి లెక్కలో 40 ఉండేది. కానీ ఆ 40 దొరకని ధర మీద కట్టింది. ఇంకో సంగతి, 30 నిమిషాల్లోపే గ్యాప్ సగానికి పైగా పూడిపోతే ఇక ట్రేడ్ లేదు. మిగిలిన దూరం స్టాప్‌కి సరిపోదు.

ప్రస్తుతం నడుస్తున్న నియమాలు

1. స్ప్లిట్‌కి సర్దిన ధర, వాల్యూమ్. ఎక్స్ డివిడెండ్ రోజులు బయట.
2. ముందురోజు సాయంత్రమో ఆ పొద్దునో ఫలితాలు వచ్చిన షేరు బయట.
3. ఓపెన్ 20 రోజుల రేంజ్ లోపల, `drift` మూడో వంతు కంటే తక్కువ.
4. గ్యాప్ ఖర్చుకి అయిదింతలు లేదా ఎక్కువ.
5. మొదటి 30 నిమిషాల వాల్యూమ్ తన సగటుకి రెండింతలు దాటితే వదిలేయాలి.
6. 30 నిమిషాల గీత తెగితే ఎంట్రీ, అవతలి గీత స్టాప్, ముందురోజు క్లోజ్ టార్గెట్, ఆ రోజే బయటికి.

రేంజ్ నుంచి బయటపడ్డ గ్యాప్‌లకి వేరే షీట్ తెరిచాను. అక్కడ ప్రశ్న తిరగబడుతుంది: ఫిల్ అవుతుందని కాదు, ఫిల్ కాకుండా ఎక్కడ ఆగుతుందని. గ్యాప్ అప్ తర్వాతి రోజుల్లో ధర పాత రేంజ్ హై దాకా దిగి, దానిపైనే క్లోజ్ అయితే లాంగ్, ముందురోజు క్లోజ్ కింద స్టాప్. జూలై 31 కేసులో ఆ గీత 99.96. ధర అక్కడికి దిగనే లేదు, కాబట్టి బాగా కుదిరిన బ్రేక్‌అవేలోనే ఈ నియమానికి ఎంట్రీ దొరకలేదు. గీతని 99.96 నుంచి గ్యాప్ రోజు లో ధర దగ్గరికి మార్చి నడపాలి. అప్పుడు స్టాప్ దూరం పెరుగుతుంది, షేర్ల సంఖ్య ఆ మేరకు తగ్గించి లెక్క మళ్లీ మొదటి నుంచి కట్టాలి.